‘పాజిటివ్’ అంటే మంచిదా, చెడ్డదా?

రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే చాలామంది అందులో ఒక్క మాట కోసమే చూస్తారు. పాజిటివ్ అని ఉంటే గుండె గుభేలుమంటుంది. నెగెటివ్ అని ఉంటే హమ్మయ్య అనుకుంటారు. ఎయిడ్స్ పరీక్షలు, 2020లో వచ్చిన కోవిడ్ పరీక్షలు ఈ అలవాటును మరింత గట్టిపరిచాయి. కానీ ల్యాబ్ వారి భాషలో పాజిటివ్ అంటే ‘వెతికినది కనిపించింది’ అని అర్థం. నెగెటివ్ అంటే ‘వెతికినది కనిపించలేదు’ అని అర్థం. దేనికోసం వెతికారో తెలిస్తే గాని అది మంచి వార్తో, చెడ్డ వార్తో చెప్పలేము.

పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఆమెకు గర్భపరీక్ష పాజిటివ్ అని వస్తే ఇల్లంతా పండుగే. ఇది అందరికీ తెలుసు. తెలియక ఇబ్బంది పడేది ఒకే జబ్బు గురించి రెండు పరీక్షలు చేసినప్పుడు. అందుకు హెపటైటిస్‌-బి పరీక్షలే మంచి ఉదాహరణ.

పేర్లు దగ్గర, అర్థాలు దూరం

హెపటైటిస్‌-బి కాలేయానికి సోకే వైరస్ జబ్బు. దీనికి చేసే మొదటి పరీక్ష పేరు హెచ్‌బిఎస్‌ఏజి. ఇది వైరస్ పైపొరకు చెందిన పదార్థం కోసం రక్తంలో వెతుకుతుంది. అది కనిపిస్తే వైరస్ ఒంట్లో ఉన్నట్టు. ఆరు నెలలు దాటినా కనిపిస్తూనే ఉంటే జబ్బు దీర్ఘకాలికంగా మారిందని లెక్క.

రెండవ పరీక్ష పేరు యాంటీ హెచ్‌బిఎస్. ఇది ఆ వైరస్‌ను అడ్డుకునే యాంటీబాడీల కోసం వెతుకుతుంది. టీకా వేయించుకున్నవారికీ, జబ్బు వచ్చి పూర్తిగా తగ్గినవారికీ ఇవి ఉంటాయి. టీకా పూర్తయిన తరువాత ఇవి మిల్లీలీటరుకు 10 మిల్లీ యూనిట్లు గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉంటే రక్షణ వచ్చినట్టు.

కాబట్టి మొదటిది పాజిటివ్ అయితే చెడ్డ వార్త, రెండవది పాజిటివ్ అయితే మంచి వార్త. కాగితం మీద మాత్రం రెండు పేర్లూ అన్నదమ్ముల్లా కనిపిస్తాయి. కొన్ని ల్యాబుల్లో పాజిటివ్ అనే మాటను ముదురు అక్షరాలతో అచ్చువేస్తారు. మంచి వార్త కూడా అప్పుడు భయపెట్టేలా కనిపిస్తుంది. కొందరు పాజిటివ్‌కు బదులు రియాక్టివ్ అని రాస్తారు. అర్థం ఒకటే.

ఒక ఇంటి కాగితాలు

ఇలాంటి కుటుంబాలు మా గర్భిణీల క్లినిక్కుకు వస్తూనే ఉంటాయి. ఒక ఇంటి సంగతి చూద్దాం. నాలుగవ నెలలో కోడలికి హెచ్‌బిఎస్‌ఏజి పాజిటివ్ వచ్చింది. ఆమెను వైద్యుల దగ్గరకు పంపి కాలేయ పరీక్షలు, వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష చేయించారు. భర్తకు రెండు పరీక్షలూ చేస్తే రెండూ నెగెటివ్. “నాకేం లేదు సిస్టర్ గారూ, అంతా నెగెటివే” అని అతను సంతోషపడ్డాడు. మొదటి నెగెటివ్ వరకు అతని మాట నిజమే, వైరస్ కనిపించలేదు. రెండవ నెగెటివ్‌కు అర్థం వేరు, అతనికి రక్షణ లేదు. ఇంట్లోనే జబ్బు ఉన్న మనిషి ఉన్నప్పుడు అది పట్టించుకోవలసిన వార్త. అతనికి ఆ రోజు ఒక టీకా, నెలకు రెండవది, ఆరవ నెలలో మూడవది వేశాము.

ఈలోగా బిడ్డ పుట్టింది. పుట్టిన పన్నెండు గంటల లోపే ఒక తొడకు హెపటైటిస్‌-బి టీకా, రెండవ తొడకు సిద్ధంగా ఉన్న యాంటీబాడీలు గల ఇమ్యునోగ్లోబులిన్ ఇంజక్షన్ ఇచ్చాము. తల్లిపాలు పట్టించాము.

మూడవ టీకా అయిన నెలన్నరకు భర్తకు యాంటీ హెచ్‌బిఎస్ పరీక్ష చేయించారు. పాజిటివ్ అని వచ్చింది. ఆ మాట చూసి అత్తగారు, “సిస్టరమ్మా, నా కొడుక్కి కూడా అంటించింది, ఇక దీన్ని పుట్టింటికి పంపేస్తాం, బిడ్డకు పాలు మాన్పిస్తాం” అని ఏడుస్తూ వచ్చారు. ఒక్క మాటను తప్పుగా చదివినందుకు ఆ ఇల్లు విడిపోయే దాకా వచ్చింది. ఆమెను కూర్చోబెట్టి, “అమ్మా, ఈసారి జబ్బు కోసం వెతకలేదు. టీకా పనిచేసిందా లేదా అని చూశారు. పనిచేసింది. మీ అబ్బాయికి రక్షణ వచ్చింది” అని చెప్పాము. పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి పరీక్షల పేర్లు చూపించాము.

బిడ్డకు 6, 10, 14 వారాలకు వేసే పెంటావాలెంట్ టీకాలోనే హెపటైటిస్‌-బి మందు కూడా ఉంటుంది. బిడ్డ రక్తపరీక్ష మాత్రం తొమ్మిది నెలలు నిండాక చేశారు. అంతకు ముందే చేస్తే పుట్టినప్పుడు ఇచ్చిన ఇంజక్షన్‌లోని యాంటీబాడీలే కనిపించి పాజిటివ్ రావచ్చు. అది బిడ్డ సొంత రక్షణ కాదు. ఈ బిడ్డకు హెచ్‌బిఎస్‌ఏజి నెగెటివ్, యాంటీ హెచ్‌బిఎస్ పాజిటివ్ వచ్చాయి. ఒకటి నెగెటివ్, ఒకటి పాజిటివ్, రెండూ మేము కోరుకున్నవే.

తెలుగులో ఎలా చెప్పాలి?

పాజిటివ్‌ను ‘అనుకూలం’ అనీ, నెగెటివ్‌ను ‘ప్రతికూలం’ అనీ కొందరు రాస్తారు. తెలుగులో అనుకూలమంటే మేలు చేసేదని అర్థం. హెచ్‌బిఎస్‌ఏజి అనుకూలమని చెబితే విన్నవారు సంతోషంగా ఇంటికి వెళ్ళిపోతారు. ‘ధనాత్మకం, ఋణాత్మకం’ అనేవి లెక్కలకూ కరెంటుకూ సరిపోతాయి గాని మంచం పక్కన పనికిరావు. అందుకని మా సిస్టర్లకు ‘కనిపించింది, కనిపించలేదు’ అనే మాటలే నేర్పుతాము. పాజిటివ్ అనే మాటను వాడినా, దాన్ని ఒంటరిగా వదలకూడదు. మూడు వాక్యాలు వరుసగా చెప్పాలి: దేనికోసం చూశాము, అది కనిపించిందా లేదా, ఇప్పుడు ఏం చేయాలి.

ఆ భర్త మొదటి రిపోర్టును ఇలా చెప్పాలి: “మీ రక్తంలో వైరస్ ఉందా అని చూశాము, కనిపించలేదు. దాన్ని అడ్డుకునే శక్తి ఉందా అని చూశాము, అదీ కనిపించలేదు. కాబట్టి ఈ రోజే టీకా మొదలుపెట్టాలి.” తరువాత, “ఇంటికెళ్ళి మీవాళ్ళకు ఏమని చెబుతారు?” అని అడిగి, వారి నోటనే వినాలి. అర్థం కాకపోతే అక్కడే బయటపడుతుంది.

‘కనిపించలేదు’ అనే మాట వల్ల ఇంకో మేలు ఉంది. ‘కనిపించలేదు’ వేరు, ‘లేదు’ వేరు. వైరస్ సోకిన తరువాత హెచ్‌బిఎస్‌ఏజి కనిపించడానికి సగటున నాలుగు వారాలు పడుతుంది, ఒక్కోసారి తొమ్మిది పది వారాలు కూడా పట్టవచ్చు. నిన్న సూది గుచ్చుకున్నవారికి ఈ రోజు నెగెటివ్ వస్తే ధైర్యపడి ఊరుకోరాదు. అలాగే టీకా వేసుకున్న రెండు మూడు వారాల లోపు పరీక్ష చేస్తే, టీకాలోని పదార్థమే కనిపించి హెచ్‌బిఎస్‌ఏజి పాజిటివ్ రావచ్చు. ఈమధ్య టీకా వేసుకున్నవారు ఆ సంగతి ముందే చెప్పాలి.

రిపోర్టు తీసుకునేటప్పుడు మీరు కూడా “పాజిటివా, నెగెటివా?” అని అడిగి ఊరుకోవద్దు. “ఈ పరీక్షలో దేనికోసం చూశారు?” అని ముందు అడగండి. పాత కాగితాలు పారేయకుండా తెచ్చుకోండి. పేరు చూసి, తేదీ చూసి, రెండూ పక్కపక్కన పెట్టి చెప్పమని అడగండి.