పదో రోజు ఎప్పుడు?

అర్ధరాత్రి దాటాక పోయిన మనిషి ఏ రోజు పోయినట్టు? ఇంట్లో చావు జరిగినప్పుడు ఏడుపులు కాస్త సద్దుమణిగాక మొదట తేల్చుకోవాల్సింది ఇదే. పది రోజుల మైల ఎక్కడ మొదలవుతుందో తెలియకుండా ఎక్కడ ముగుస్తుందో తెలియదు. ఆసుపత్రివాళ్లు ఇచ్చే కాగితంలో అర్ధరాత్రి పన్నెండు దాటితే తేదీ మారిపోతుంది. పంచాంగంలో అలా మారదు. మనకు రోజు సూర్యోదయంతో మొదలవుతుంది.

ఒక ఇంటిని ఊహించుకుని లెక్క వేద్దాం. తెనాలి పక్క పల్లెలో ఒక పెద్దాయన సోమవారం రాత్రి పడుకుని తెల్లవారుజామున మూడు గంటలకు పోయారు. ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఖమ్మంలో కాపురముంటున్న కూతురు ఉన్నారు. అదే వీధిలో తమ్ముడి కుటుంబం ఉంది. కాగితం మీద మంగళవారం అని ఉంటుంది. సూర్యోదయం లెక్కన మాత్రం అది ఇంకా సోమవారమే. ధర్మశాస్త్ర గ్రంథాల్లో మరో పద్ధతీ ఉంది. రాత్రిని మూడు భాగాలు చేసి మొదటి రెండు భాగాలను గడిచిన పగటికి, చివరి భాగాన్ని రాబోయే పగటికి కలుపుతారు. ఆ పద్ధతిలో మూడు గంటలంటే చివరి భాగం, కాబట్టి మంగళవారమే మొదటి రోజు. ఏ పద్ధతి పట్టుకోవాలో ధర్మసింధు కూడా దేశాచారానికే వదిలేసింది. అందుకే పురోహితుడికి ‘మంగళవారం పోయారు’ అని చెబితే చాలదు, గంట చెప్పాలి. మన ఇంట్లో సోమవారాన్నే మొదటి రోజుగా తీసుకున్నారనుకుందాం. అప్పుడు పదో రోజు మరుసటి వారం బుధవారం అవుతుంది.

ఆ బుధవారం వరకు మైల ఎవరికి? ఆ ఇంటిపేరున్న ప్రతివాళ్లకీ అని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మగవరసలో ఏడు తరాల లోపు కలిసేవాళ్లను సపిండులంటారు, పది రోజులు వాళ్లకే. ఆ తర్వాత పద్నాలుగో తరం వరకు సమానోదకులు, వాళ్లకు మూడు రోజులు. అంతకంటే దూరమైతే స్నానంతో తీరిపోతుంది. ఇంటిపేరు ఒకటే అయినా మూలపురుషుడెవరో ఎవరికీ తెలియని కుటుంబాలు పది రోజులూ గుడి మానుకుని కూర్చోవడం నేను చూశాను. దీనికి తిరగబడిన పొరపాటూ ఉంది. ‘మేం విడిపోయి నలభై ఏళ్లయింది, మాటల్లేవు’ అని స్వంత పెదనాన్న మైల వదిలేసేవాళ్లున్నారు. ఆస్తి పంపకంతో, పలకరింపులతో మైలకు సంబంధం లేదు. దాయాది అన్న మాట ఇక్కడ రక్తసంబంధాన్నే చెబుతుంది.

కూతురు సంగతి వేరు. పెళ్లయి వేరే గోత్రంలోకి వెళ్లిన ఆడపిల్లకు తల్లిదండ్రులు పోతే మూడు రోజులే మైల. మన లెక్కలో సోమ, మంగళ, బుధవారాలు గడిచాక గురువారం స్నానంతో ఆమె శుద్ధి. ఆమె కొడుక్కి, అంటే దౌహిత్రుడికి, తాతగారి మైల మూడు రోజులు. మేనమామ పోతే మేనల్లుడికి పక్షిణి, అంటే ఒక రాత్రి, దానికి అటూ ఇటూ ఉన్న పగళ్లు. ఖమ్మంలోని అత్తగారివైపు వాళ్లకు మాత్రం వియ్యంకుడు పోయినందుకు పది రోజుల మైల ఏమీ లేదు. వాళ్ల ఇంట్లో దీపం ఆగక్కర్లేదు. కన్నతండ్రికి మూడు రోజులేమిటని బాధపడే కూతుళ్లుంటారు. ఆ మూడు రోజులు దుఃఖానికి కొలత కాదు. ఏ ఇంటి కర్మలో ఆమె భాగస్వామి అన్న దాన్ని బట్టి వచ్చిన లెక్క అది.

ఇప్పుడు ఆరో రోజు, శనివారం. తమ్ముడి మనవడి భార్య ప్రసవించింది. చావు మైలలో పురుడు వచ్చిపడింది. మళ్లీ పది రోజులు మొదలా? కాదు. ఒక మైల నడుస్తుండగా రెండోది వస్తే మొదటిదానితోనే రెండోదీ పోతుంది, కాకపోతే చావు మైల పురిటి మైలను కలుపుకుంటుంది గానీ పురుడు చావును కలుపుకోదు. కాబట్టి దాయాదులందరికీ బుధవారంతో రెండూ తీరిపోయి గురువారం శుద్ధి. బాలింతకు మాత్రం తన పది రోజులు తనవే. శనివారం నుంచి లెక్కిస్తే వచ్చే వారం సోమవారం పదో రోజు, మంగళవారం పురిటి స్నానం. కర్మ చేసే కొడుక్కీ ఈ మినహాయింపు ఉంది. మరో దాయాది తొమ్మిదో రోజున పోయినా మిగతావాళ్లకు బుధవారంతోనే సరి, ఆ దాయాది కొడుకులకు మాత్రం తమ పది రోజులు తప్పవు.

అసలు చిక్కు పదో రాత్రి దగ్గరుంది. బుధవారం రాత్రి, మైల ఇంకా వదలకముందు, మరో దాయాది పోయాడనుకోండి. మొదటిదానితో తీరిపోయిందనడానికి వీల్లేదు. మరో రెండు రోజులు పొడిగించాలి. ఆ రాత్రి చివరి జాములో పోతే మూడు రోజులు. చాలా ఇళ్లలో గొడవ వచ్చేది సరిగ్గా ఇక్కడే. పదకొండో రోజుకు పిలుపులు వెళ్లిపోయి ఉంటాయి, వంటవాళ్లు కుదిరిపోయి ఉంటారు. ఈ లెక్కలను తెలుగువాళ్లు ఎప్పటినుంచో పట్టించుకున్నారు. యాజ్ఞవల్క్య స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరను 13వ శతాబ్దంలోనే కేతన విజ్ఞానేశ్వరీయమనే పేరుతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. యాజ్ఞవల్క్య స్మృతిలో మూడోదైన ప్రాయశ్చిత్త కాండ ఆశౌచ ప్రకరణంతోనే మొదలవుతుంది.

ఇంతకుముందు ఊరు దాటినవాడికి కబురు చేరడానికి వారాలు పట్టేది. దానికీ విధానముంది. దాయాది పోయిన ఆరో రోజున కబురు అందితే మిగిలిన రోజులే మైల. పది రోజులూ దాటాక, మూడు నెలల లోపు తెలిస్తే మూడు రోజులు. ఏడాది దాటితే స్నానం చేస్తే చాలు. తల్లిదండ్రుల విషయంలో ఈ తగ్గింపులేవీ లేవు. కొడుక్కి ఎప్పుడు తెలిసినా ఆ రోజునుంచి పది రోజులు. ఇప్పుడు డాలస్‌లో ఉన్న కొడుక్కి అదే నిమిషంలో ఫోన్ వస్తుంది కాబట్టి ఈ నియమం అవసరం దాదాపు పోయింది.

మరి ఈ పది రోజుల్లో ఏవి ఆగుతాయి? ఇంట్లో దేవుడి గూడు దగ్గర పూజ, నైవేద్యం, గుడికి వెళ్లడం, వ్రతాలు, హోమాలు, దానం ఇవ్వడం, పుచ్చుకోవడం, శుభకార్యాలు. ఇంకొకరి కాళ్లకు మొక్కరు, ఆశీర్వాదం పొందరు. మైల ఇంట్లో బయటివాళ్లు భోంచేయరు. చాలా ఇళ్లలో కూరకు తాలింపు పెట్టరు. కర్త నేలమీద పడుకుంటాడు, ఒంటిపూట తింటాడు, పదో రోజు క్షౌరం వరకు గడ్డం తీయడు. అయితే అన్నీ ఆగిపోవు. సంధ్యావందనం చేసేవాళ్లు అర్ఘ్యం ఇచ్చి మిగతాది మనసులోనే చెప్పుకుంటారు. ఏకాదశి ఉపవాసముండేవాళ్లు ఉపవాసం మానరు, పూజ మాత్రం మానతారు. నామస్మరణకు అడ్డే లేదు. ఇంట్లో పెద్దల ఆబ్దికం ఈ పది రోజుల్లో పడితే అది పోయినట్టు కాదు, మైల వదిలాక పదకొండో రోజున పెట్టాలి.

పెళ్లి దగ్గర అందరికీ గుండె ఆగినంత పనవుతుంది. తమ్ముడి మనవరాలి పెళ్లి ఆ శుక్రవారమే అనుకోండి. అది ఐదో రోజు. ఆగాలా, జరగాలా? నాందీముఖం అయిందా లేదా అన్నదే ప్రశ్న. పెళ్లికి నాందీ చేశాక మైల వచ్చినా ఆ పెళ్లికి అది అంటదు. నాందీని పెళ్లికి పది రోజుల ముందు వరకూ చేసుకోవచ్చు. పసుపు దంచడం, పెళ్లికూతుర్ని చేయడం అయిపోయాయి కాబట్టి ఫర్వాలేదని కొందరు చెబుతారు. అవి నాందీ కావు. వ్రతానికైతే సంకల్పం, యజ్ఞానికి ఋత్విక్కుల వరణం ఇలాంటి హద్దులు. ఇంట్లో మంచం పట్టిన ముసలివాళ్లున్నప్పుడు, పెళ్లి పెట్టుకున్నవాళ్లు నాందీ ముందే చేయించమని పురోహితుణ్ణి అడగడం మంచిది. అడగడానికి సంకోచించి ఆఖరు నిమిషంలో మండపం ఖాళీ చేసుకున్న ఇంటి దుఃఖం నేను దగ్గర్నుంచి చూశాను.

ఈ పది రోజులు అన్ని కులాలకూ ఒకటేనా? మనుస్మృతి పది, పన్నెండు, పదిహేను, ముప్ఫై రోజులని వర్ణాలవారీగా చెప్పింది. అందరికీ పది రోజులే అన్న అంగిరసుడి మాటా గ్రంథాల్లో ఉంది. తెలుగునాట ఆచారం చాలావరకు ఈ రెండో దారినే పట్టింది. చిన్నకర్మ, పెద్దకర్మ, దశదినకర్మ అని పేర్లు మారినా చాలా ఇళ్లలో పదో రోజో పదకొండో రోజో పెద్ద రోజు. పుట్టిన తేడాను బట్టి దుఃఖానికి గడువు పెంచడం నాకు ఎన్నటికీ సమ్మతం కాదు. ఊళ్లే దాన్ని పక్కనపెట్టినందుకు సంతోషిస్తాను.

పదో రోజు ధర్మోదకాలు, పదకొండో రోజు ఏకోద్దిష్టం, పన్నెండో రోజు సపిండీకరణం, పదమూడో రోజు శుభస్వీకారం. ఆ తర్వాత కూడా ఏడాదిపాటు ఇంటిల్లిపాదీ గుడి గడప తొక్కకపోవడం మన దగ్గర మామూలైపోయింది. మైల పదో రోజుతోనే పోయింది. ఏడాది కట్టుబాట్లు మాసికాలు పెట్టే కర్తకు సంబంధించినవి. చిన్నపిల్లలు, కోడళ్లు, దాయాదులు ఏడాదంతా భయంతో దేవుడికి దూరంగా ఉండాల్సిన అవసరం లేదు. ఆ ఏడు పండగ చేసుకోబుద్ధి కాకపోవడం వేరే విషయం. అది మనసుకు సంబంధించినది, దాన్ని ఎవరూ తప్పుపట్టరు.

పురుడు గురించి ఒక్క మాట చెప్పి ముగిస్తాను. పురిటిలో దాయాదులకు కర్మాధికారం లేకపోవడమే గానీ, వాళ్లను ముట్టుకోకూడదన్న నియమం లేదు. అంటు బాలింతకే. తండ్రికి స్నానంతో పోతుంది. బిడ్డ పుట్టిన రోజు తండ్రి దానం ఇవ్వవచ్చు కూడా. అంటు పేరుతో బాలింతను చలిగాలి తగిలే వసారాలో ఒంటరిగా పడేయమని గానీ, ముర్రుపాలు పిండి పారబోయమని గానీ, మొదటి 24 గంటల్లో వేయాల్సిన హెపటైటిస్-బి టీకాను పదకొండో రోజుకు వాయిదా వేయమని గానీ నేను చూసిన ఏ గ్రంథంలోనూ లేదు. మీ ఇంట్లో పురుడొస్తే పూజగది తలుపు పది రోజులు మూసుకోండి, బాలింత గది తలుపు మాత్రం మూయకండి.