చిన్న గిన్నెలో పెద్ద భోజనం

సైనిక్‌పురిలో మా అక్కావాళ్లింట్లో భోజనాల టైమ్‌కి వెళ్తే ఒకటే మాట వినిపిస్తుంది: "ఇంకో ముద్ద తినరా!" మా బావగారు రిటైర్డ్ ఆర్మీ. పళ్లెం ఖాళీ చేయకుండా లేవడమంటే ఆయన దృష్టిలో డ్యూటీ వదిలేసి పోవడమే. వాళ్లబ్బాయికి 15 ఏళ్లు, పదో తరగతి. ఎత్తు 162 సెంటీమీటర్లు, బరువు 40 కిలోలు. నాలుగు ముద్దలు తినగానే "కడుపు నిండిపోయింది పిన్నీ" అని లేచిపోతాడు. అబద్ధమేం కాదు, వాడికి నిజంగానే నిండిపోతుంది.

నేను డైటీషియన్‌ని కదా, "వీడి సంగతి నువ్వే చూడు" అని అక్క నాకు అప్పజెప్పింది. ముందు లెక్క చూశాం. బరువుని ఎత్తుతో (మీటర్లలో) రెండుసార్లు భాగిస్తే వచ్చేది బీఎంఐ. వాడిది 15.2. పెద్దవాళ్లకి వాడే 18.5 గీత ఈ వయసుకి పనికిరాదు. పిల్లలకి వయసుని బట్టి వేరే చార్టులుంటాయి. డబ్ల్యూహెచ్‌ఓ చార్టు ప్రకారం 15 ఏళ్ల అబ్బాయికి 16 కంటే తగ్గితే బక్కగా ఉన్నట్టు లెక్క. అందుకే మెనూ మొదలుపెట్టకముందే పిల్లల డాక్టర్‌కి చూపించాం. రక్తపరీక్షలు చేశారు. జబ్బేమీ లేదని తేలింది. ఈ మెట్టు మాత్రం దాటేయకండి, ఎందుకో చివర్లో చెప్తాను.

మన తార్నాకలోనే ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో 13 నుంచి 15 ఏళ్ల అబ్బాయిలకి రోజుకి 2,860 కేలరీలు కావాలని ఉంది. మావాడు తినేది రాసి చూస్తే 1,500 దగ్గర ఆగింది. ఆ తేడా మొత్తం ఒకేసారి పూడ్చాలని చూస్తే వాడు కంచం చూసి పారిపోతాడు. అందుకని రోజుకి 600 కేలరీలు పెంచుదామనుకున్నాం, అది కూడా కంచం సైజు పెంచకుండా.

ఎలాగంటే... వాడు మధ్యాహ్నం తినే చిన్న గిన్నెడు చారన్నం తూచి చూశాను. అన్నం 150 గ్రాములు, మిగతాది చారు. వండిన అన్నంలో సగానికి పైగా నీళ్లే. 100 గ్రాములకి 130 కేలరీలు వస్తాయంతే. చారు దాదాపు నీళ్లే. మొత్తం కలిపి 215 కేలరీలు. ఇప్పుడు అదే గిన్నెలో అన్నం 100 గ్రాములు, గట్టిగా వండిన ముద్దపప్పు 50 గ్రాములు, రెండు టీ స్పూన్ల నెయ్యి, ఒక పెద్ద స్పూన్ పల్లీల పొడి వేశాం. లెక్క వేస్తే 330. గిన్నె అదే, ముద్దలు ఇంచుమించు అవే, కానీ 115 కేలరీలు ఎక్కువ. పైగా పప్పు, పల్లీల నుంచి ప్రొటీన్ కూడా వచ్చింది. రాత్రి భోజనానికీ ఇదే పద్ధతి. చపాతీ తినే రోజైతే దానికి నెయ్యి రాసి, గుడ్డు కూరో పనీర్ కూరో పెడతారు.

నెయ్యికి అంత బలం ఎక్కడిది అంటారా? పిండిపదార్థమైనా, ప్రొటీనైనా గ్రాముకి 4 కేలరీలు ఇస్తే, కొవ్వు 9 ఇస్తుంది. ఒక టీ స్పూన్ నెయ్యి అంటే 5 గ్రాములు, అంటే 45 కేలరీలు. అది వేడన్నంలో కలిసిపోతుంది, పొట్టలో చోటు తినదు. అయితే "నాలుగు స్పూన్లు వేసేస్తే ఇంకా మంచిది కదా" అనుకోవద్దు. కొవ్వు ఎక్కువైతే పొట్ట నెమ్మదిగా ఖాళీ అవుతుంది. తర్వాతి పూటకి ఆకలే వేయదు, కొందరికి వికారం కూడా వస్తుంది. మా అమ్మ ప్రేమ కొద్దీ మొదటి ఆదివారం నాలుగు స్పూన్లు పోసింది. ఆ రాత్రి మనవడు అన్నం ముట్టలేదు. "నెయ్యి కూడా పడదంటే ఎలారా!" అని ఆవిడ బాధ ఆవిడది. పూటకి రెండు స్పూన్లు వాడికి సరిగ్గా సరిపోయింది. మిగతాది పల్లీలు, నువ్వులు, గుడ్డు, చిక్కటి పాల నుంచి రావాలి.

సాయంత్రం గ్లాసుది ఇంకో కథ. స్కూల్ నుంచి వచ్చాక టోన్డ్ పాలలో ఏదో ఒక పొడి, పంచదార కలిపి ఇచ్చేవాళ్లు. అది సుమారు 165 కేలరీలు. ఇప్పుడు ఫుల్ క్రీమ్ పాలు 150 మిల్లీలీటర్లు తీసుకుని, అందులో పెద్ద స్పూన్ పాలపొడి, పెద్ద స్పూన్ పల్లీల ముద్ద, సగం అరటిపండు వేసి మిక్సీలో తిప్పుతారు. ఫుల్ క్రీమ్ పాలలో 6 శాతం వెన్న ఉంటుంది, టోన్డ్ పాలలో 3 శాతమే. ప్యాకెట్ మీద రాసే ఉంటుంది చూడండి. ఈ గ్లాసు 310 కేలరీలు. నమలాల్సిన పని లేదు కాబట్టి ముద్ద దిగనివాళ్లు కూడా తాగేస్తారు.

పల్లీల ముద్ద కొనక్కర్లేదు. పల్లీలు సన్న మంట మీద దోరగా వేయించి, పొట్టు తీసి, చిటికెడు ఉప్పేసి మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. మొదట పొడి అవుతుంది, తర్వాత ఉండ కడుతుంది. అక్కడితో ఆపకుండా ఇంకో రెండు నిమిషాలు తిప్పితే పల్లీల నూనె వదిలి జారుగా అవుతుంది. నీళ్లు మాత్రం పోయొద్దు, త్వరగా పాడవుతుంది. గాజు సీసాలో వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. ముక్క వాసన వస్తున్న, బూజు పట్టిన, చేదెక్కిన పల్లీలు పారేయడమే మంచిది. ఇంట్లో ఎవరికైనా పల్లీలు పడకపోతే ఇదంతా వాళ్లకి కాదు.

ఇక స్కూల్లో పదిన్నర బ్రేక్‌కి ఒక సున్నుండ. ఇది మా అమ్మ డిపార్ట్‌మెంట్. మినప్పప్పు 200 గ్రాములు సన్న సెగ మీద కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి పిండి పట్టాలి. తురిమిన బెల్లం 150 గ్రాములు, కరిగించిన నెయ్యి 100 గ్రాములు కలిపి 15 ఉండలు చుట్టాలి. ఒక్కోటి 30 గ్రాములు, 140 కేలరీలు. రెండు కొరుకులకి అయిపోతుంది. రోజూ అదే అయితే విసుగు కాబట్టి వారం మారితే నువ్వులుండ, ఆ తర్వాత మలీద. బతుకమ్మకి చేసే మలీద ముద్దలు గుర్తున్నాయి కదా? చపాతీ తుంచి బెల్లం, నెయ్యి వేసి కలిపి ఉండలు కట్టడమే. మన పండగ పిండివంటల్లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో! సర్వపిండి కూడా అంతే. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, శనగపప్పు, నూనె అన్నీ ఒకే రొట్టెలో. సెలవు రోజు సాయంత్రం సగం సర్వపిండి చాలు.

పొద్దున రెండు ఇడ్లీలు అలాగే ఉంచి, వాటి మీద ఒక స్పూన్ నెయ్యి, పెద్ద స్పూన్ పల్లీల పొడి వేశాం. అదో 90 పెరిగింది. ఇప్పుడు కూడండి: ఇడ్లీల దగ్గర 90, సున్నుండ 140, మధ్యాహ్నం 115, సాయంత్రం గ్లాసులో పెరిగింది 145, రాత్రి 115. మొత్తం 605.

చిప్స్‌లో కూడా కేలరీలు దండిగా ఉంటాయి కదా పిన్నీ, అని అడిగాడు మావాడు. సైనిక్‌పురి మెయిన్ రోడ్డు మీద బేకరీలకి కొదవా? ఉంటాయి నిజమే. కానీ ఈ వయసులో ఎముక, కండ, రక్తం అన్నీ పెరగాలి. దానికి ప్రొటీన్, ఐరన్, కాల్షియం కావాలి. పఫ్‌లో అవి పెద్దగా ఉండవు, సున్నుండలో పప్పు ఉంది. నెలకోసారి పఫ్ తింటే కొంపలేం మునిగిపోవు, రోజూ సాయంత్రం గ్లాసు స్థానంలో పఫ్ వస్తేనే గొడవ.

ఏం పెట్టాలో ఎంత ముఖ్యమో, ఏది ముందు పెట్టాలో కూడా అంతే ముఖ్యం. తక్కువ తినేవాళ్ల పొట్టలో చోటు తక్కువ. ఆ చోటుని నీళ్లతో, చారుతో, మజ్జిగతో నింపేస్తే అన్నానికి జాగా ఉండదు. అందుకని భోజనానికి అరగంట ముందు నీళ్లు తాగించి, భోజనంలో గుటకలతో సరిపెట్టాం. చారు, మజ్జిగ చివర్లో. పూటకీ పూటకీ మధ్య రెండున్నర, మూడు గంటల ఖాళీ ఉంచాం. ఆ మధ్యలో బిస్కెట్, మిక్చర్ లాంటి చిల్లర తిండి ఉంటే అసలు ఆకలి చచ్చిపోతుంది. అన్నం తినగానే టీ కూడా మాన్పించాం, అది పప్పులో, ఆకుకూరలో ఉన్న ఐరన్‌ని ఒంటికి పట్టనివ్వదు.

అన్నిటికంటే కష్టమైంది బావగారిని ఆపడం. "బావగారూ, ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి అనేది మన చేతిలో ఉంది. ఎంత తినాలనేది వాడికి వదిలేయండి" అన్నాను. ఆయన మొహం మాడ్చుకున్నారు కానీ, ఇరవై నిమిషాలయ్యాక మాట్లాడకుండా కంచం తీసేసే రూలుకి ఒప్పుకున్నారు. రెండో వారానికి వాడు కంచం ముందు బిగుసుకుపోవడం తగ్గింది.

బరువు వారానికి ఒక్కసారే చూశాం. ఆదివారం పొద్దున, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, అదే మిషన్ మీద. రోజూ చూస్తే అరకిలో అటూఇటూ ఊగుతుంది, అది నీళ్ల బరువు. కాగితం మీద లెక్కైతే 600 అదనపు కేలరీలకి రెండు వారాల్లో కిలో పెరగాలి. అలా జరగదు. టిఫిన్ బాక్స్ మిగిలిపోయే రోజులుంటాయి, జలుబు చేసిన వారం ఉంటుంది, క్రికెట్ ఎక్కువ ఆడిన రోజులుంటాయి. మావాడు ఎనిమిది వారాల్లో 2.2 కిలోలు పెరిగాడు. మధ్యలో ఒక వారం సూదంత కూడా కదల్లేదు. ఆరా తీస్తే మలబద్ధకం. తిండి చిక్కబడింది కానీ కూర, పండు తగ్గిపోయాయి. రోజుకో జామపండు, రాత్రి కూరలో పాలకూర చేర్చాక సర్దుకుంది.

డాక్టర్ సంగతి చెప్తానన్నాను కదా. బరువు పెరగకపోవడం వేరు, ఉన్న బరువు తగ్గిపోవడం వేరు. బరువు తగ్గుతున్నా, రెండు వారాలు దాటిన దగ్గు, సాయంత్రం జ్వరం ఉన్నా, తరచూ విరేచనాలు, తింటే కడుపునొప్పి, విపరీతమైన దాహం ఉన్నా, ఆడపిల్లలకి నెలసరి ఆగినా మెనూ మార్చుకుంటూ కూర్చోవద్దు. "లావైపోతానేమో" అని భయపడి తిండి దాచేసే పిల్లలకి నెయ్యి మందు కాదు. వాళ్లకి డాక్టర్‌తో పాటు కౌన్సెలింగ్ కావాలి. వారం పది రోజులుగా దాదాపు ఏమీ తినని, బాగా చిక్కిపోయిన పిల్లలకైతే ఇంట్లో ఒక్కసారిగా బలమైన తిండి పెట్టకూడదు. రక్తంలో లవణాలు తారుమారై ప్రాణం మీదికి వస్తుంది, అందుకే అలాంటివాళ్లకి ఆసుపత్రిలోనే కొద్దికొద్దిగా పెంచుతారు.