బట్టలెక్కడ ఆరేసుకోవాలి?

విజయవాడలో ఒక అపార్ట్‌మెంట్ అసోసియేషన్‌కి 20 కిలోవాట్ల సోలార్ కొటేషన్ ఇచ్చాం. మూడు వారాలు తిరిగాం. చివరికి పని వేరేవాళ్లకి వెళ్లింది. ఫోన్ చేస్తే సెక్రటరీ గారు "రేటు దగ్గర కుదర్లేదండీ" అన్నారు.

మన దగ్గర రేటు అనేది మొహమాటానికి చెప్పే మాట. ఎదుటివాడి మనసు నొప్పించకుండా ఫోన్ పెట్టేయడానికి అంతకంటే సులువైన కారణం లేదు. దాన్ని నమ్మి తర్వాతి కొటేషన్‌లో రేటు తగ్గించేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ కొన్నేళ్లు అదే చేశాను. ఈసారి మాత్రం ఆగి, సరిగ్గా అడగాలనుకున్నాను.

ఆ రోజే అడగలేదు. అవతలివాళ్లకి అడ్వాన్స్ ఇచ్చేవరకు, మనం ఏం అడిగినా మళ్లీ బేరానికి వచ్చినట్టే ఉంటుంది. అలాగని రెండు నెలలు ఆగితే మీటింగ్‌లో ఎవరేమన్నారో వాళ్లే మరిచిపోతారు. పది రోజులు ఆగి వాట్సాప్‌లో ఇలా పంపాను:

"నమస్కారం సార్. సోలార్ పని మొదలవుతోందని తెలిసింది, బాగా జరగాలని కోరుకుంటున్నాం. మీ నిర్ణయం మార్చమని అడగడానికి కాదు ఈ మెసేజ్. మా కొటేషన్‌లో లోటు ఎక్కడ కనిపించిందో చెబితే మేం సరిదిద్దుకుంటాం. వీలైనప్పుడు పది నిమిషాలు మాట్లాడగలరా? కుదరకపోయినా ఏమీ అనుకోం."

ఆయన మర్నాడు సాయంత్రం తనే ఫోన్ చేశారు. కొటేషన్ పట్టుకుని తిరిగిన కుర్రాడి చేత కాకుండా నేనే మాట్లాడాను. ఆ కుర్రాడి ముఖం మీద అతని తప్పు ఎవరూ చెప్పలేరు.

ఇక్కడ ప్రశ్న వేసే తీరే ముఖ్యం. "మమ్మల్ని ఎందుకు వద్దనుకున్నారు?" అంటే అవతలి మనిషి సంజాయిషీలోకి దిగుతాడు. అందుకే జరిగింది చెప్పమన్నాను. "మీటింగ్‌లో మా కాగితం చూపించినప్పుడు మొదట ఎవరేం అడిగారండీ?"

ఆయన నవ్వారు. "మీ రేటు తక్కువేనండీ, నిజం చెప్పాలంటే. మూడో అంతస్తు మేడమ్ గారు లేచి, మేడంతా పలకలు పరిస్తే మేం బట్టలెక్కడ ఆరేసుకోవాలి, వడియాలెక్కడ పెట్టుకోవాలి అని అడిగారు. దానికి మీ కాగితంలో జవాబు లేదు."

20 కిలోవాట్లంటే దాదాపు 2000 చదరపు అడుగుల మేడ. మేం రాసింది నడుము ఎత్తు స్ట్రక్చర్. అవతలివాళ్లు మనిషి కింద నుంచి నడిచి వెళ్లేంత ఎత్తు ఇచ్చారు. దానికి ఇనుము ఎక్కువ పడుతుంది, గాలికి ఆగేలా దిమ్మెలూ గట్టిగా పోయాలి, కాబట్టి ఖర్చు పెరుగుతుంది. అసోసియేషన్ ఆ ఖర్చుకి ఒప్పుకునే వాళ్లని ఎంచుకుంది.

"ఒక్క మాట అడిగి ఉంటే మేమూ ఎత్తు వేసేవాళ్లం కదండీ!" అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆ మాట అంటే ఆయన వెంటనే తన కమిటీని వెనకేసుకొస్తారు, ఇక నాకు దక్కేవి మర్యాద మాటలే. ఊరుకున్నాను కాబట్టే ఇంకోటి చెప్పారు: "మీకు సర్వీస్ మనుషులు లేరని కూడా అన్నారు." అది నిజం కాదు, మాకు ఇద్దరున్నారు. అయినా "ఏది చూసి అలా అనిపించిందండీ?" అని మాత్రమే అడిగాను. కొటేషన్‌లో సర్వీస్ ఫోన్ నంబరు లేదట. తీసి చూస్తే నిజంగానే లేదు.

అవతలివాళ్ల రేటెంత, ప్యానెల్ ఏ కంపెనీది అని అడగలేదు. అమెరికా ప్రభుత్వ కొనుగోళ్లలో ఓడిపోయిన సంస్థ కారణాలు చెప్పమని అడగడానికి చట్టమే వీలిస్తుంది. కానీ గెలిచినవాళ్లతో అంశాలవారీగా పోల్చి చెప్పడాన్ని అదే చట్టం నిషేధిస్తుంది. మన అపార్ట్‌మెంట్లకి అలాంటి చట్టం లేకపోయినా, ఆ హద్దు మనం పాటించాల్సిందే. నమ్మి చెప్పిన మనిషిని ఇరుకున పెట్టకూడదు.

తొమ్మిదో నిమిషంలో "చాలండీ, చాలా ఉపయోగపడింది" అని పెట్టేశాను. రాత్రికి ఆయన చెప్పిన రెండు విషయాలూ రాసి ధన్యవాదాలు పంపాను. డిస్కౌంట్ ఊసెత్తలేదు.

ప్రతిసారీ ఇలా జరగదు. పని బావమరిదికి ఇచ్చుకున్నవాళ్లు ఎంత అడిగినా రేటనే అంటారు, వాళ్లని వదిలేయాలి. ఒక్కరి మాట పట్టుకుని పద్ధతంతా మార్చడమూ తప్పే. సర్వీస్ నంబరు వేయడానికి ఖర్చేం లేదు గనక ఆ రాత్రే వేశాం. స్ట్రక్చర్ ఎత్తు సంగతి మాత్రం మరో రెండు అపార్ట్‌మెంట్లు కూడా అదే చెప్పేదాకా నోటుపుస్తకంలోనే ఉంచాను. ఇప్పుడు కొటేషన్‌లో రెండు ఎత్తులకీ రెండు రేట్లు రాస్తున్నాం. సైటు చూడటానికి వెళ్లిన మా కుర్రాడు టేపు తీసే ముందు "మేడ మీద మీరు ఏమేం చేసుకుంటారండీ?" అని అడుగుతున్నాడు.