బొమ్మా బొరుసుల నుండి ఛాలెంజర్ వరకు: గరిష్ఠ సంభవనీయతా పద్ధతి

1986 జనవరి 28వ తేదీ ఉదయం ఫ్లోరిడా తీరం నుండి ఎగిరిన ఛాలెంజర్ వ్యోమనౌక 73 సెకన్లకే ముక్కలైపోయింది. అందులోని ఏడుగురూ మరణించారు. బూస్టరు రాకెట్టు భాగాలను కలిపే అతుకులలో వేడి వాయువును బయటకు పోనీయకుండా ఆపే రబ్బరు వలయాలు ఉంటాయి. వీటిని ఓ-రింగులు అంటారు. చలికి గట్టిపడిన ఓ-రింగు తన పని తాను చేయలేకపోయిందని విచారణలో తేలింది. ప్రయోగానికి ముందు రోజు సాయంత్రం ఇంజనీర్లు, అధికారులు టెలిఫోనులో సమావేశమై ఇదే విషయం చాలాసేపు చర్చించారు. చలికీ ఓ-రింగుల దెబ్బకూ సంబంధం ఉన్నదా, లేదా? అంతకుముందు జరిగిన ప్రయాణాల లెక్కలు వారి వద్దనే ఉన్నాయి. ఆ లెక్కలు ఏమి చెబుతున్నాయో తెలుసుకొనడానికి సాంఖ్యక శాస్త్రంలో ఒక మార్గం ఉంది. ఆంగ్లంలో దానిని మాక్సిమమ్ లైక్లీహుడ్ అంటారు. మనం గరిష్ఠ సంభవనీయతా పద్ధతి అందాం. 1922లో ఆర్. ఎ. ఫిషర్ దానికి స్పష్టమైన రూపం ఇచ్చారు. ముందుగా ఒక నాణెంతో దానిని పరిచయం చేసుకొని, తరువాత ఛాలెంజర్ లెక్కకు వద్దాం.

నాణెం చెప్పే సంగతి

ఒక నాణేన్ని పదిసార్లు ఎగురవేశాం. ఏడుసార్లు బొమ్మ, మూడుసార్లు బొరుసు పడ్డాయి. ఈ నాణెం సరియైనదో కాదో మనకు తెలియదు. ఒక్కసారి వేస్తే బొమ్మ పడే సంభావ్యత p అనుకుందాం. అప్పుడు బొరుసు పడే సంభావ్యత 1 − p అవుతుంది. ఒక వేతకూ మరొక వేతకూ సంబంధం లేదు కనుక, మనం చూసిన ఆ పది ఫలితాలు అదే వరుసలో రావడానికి ఉన్న సంభావ్యత ఆ పదింటి గుణకారమే:

L(p) = p^7 (1 − p)^3

ఇక్కడ మన చూపును కొంచెం మార్చుకోవాలి. మామూలుగా p తెలిసి ఉంటుంది, ఫలితం ఏమిటని అడుగుతాం. ఇప్పుడు ఫలితం మన చేతిలో ఉంది, మారేది p మాత్రమే. ఈ విధంగా p మీద ఆధారపడిన ఆ గుణకార ఫలితాన్నే సంభవనీయత అంటాం. p కు కొన్ని విలువలు ఇచ్చి చూద్దాం:

p = 0.5 అయితే 0.00098
p = 0.6 అయితే 0.00179
p = 0.7 అయితే 0.00222
p = 0.8 అయితే 0.00168
p = 0.9 అయితే 0.00048

ఈ అంకెలన్నీ చాలా చిన్నవి. అందులో వింత లేదు, ఏ ఒక్క వరుసైనా అరుదైనదే. మనకు కావలసింది వాటి మధ్య పోలిక. మనం చూసిన ఫలితాన్ని అన్నిటికంటె ఎక్కువగా సంభవింపజేసే p ఏది? పట్టికలో అది 0.7. కలన గణితం తెలిసినవారు సంవర్గమానం తీసుకొని, 7/p = 3/(1 − p) అన్న సమీకరణాన్ని సాధించి కచ్చితంగా 0.7 అని చూపవచ్చు. పదింట ఏడు అని పిల్లవాడు కూడా చెప్పే జవాబే వచ్చింది. అయితే ఆ జవాబుకు చేరిన దారి మనకు ముఖ్యం. నాణెం కంటె జటిలమైన చోట్ల తేలికగా తోచే జవాబు ఉండదు, ఈ దారి మాత్రం అక్కడ కూడా పనిచేస్తుంది.

ఇక్కడ ఒక పొరపాటు జరుగుతూ ఉంటుంది. 0.00222 అనేది p విలువ 0.7 కావడానికి గల సంభావ్యత కాదు. p విలువ 0.7 అయిన పక్షంలో మనం చూసినది జరగడానికి గల సంభావ్యత అది. ఈ రెండు మాటలూ ఒకటి కావు.

మరొక సంగతి కూడా గమనించాలి. గుణకారంలో బొమ్మలకు ఎంత పాత్ర ఉందో బొరుసులకూ అంతే ఉంది. ఎవరైనా బొరుసులు పడినవాటిని పక్కన పెట్టి బొమ్మలు పడిన ఏడింటిని మాత్రమే మనకు అందిస్తే సంభవనీయత p^7 అవుతుంది. అది p = 1 వద్ద గరిష్ఠం. అంటే ఈ నాణేనికి ఎప్పుడూ బొమ్మే పడుతుందని తేలుతుంది! లెక్కలో తప్పు లేదు, లెక్కకు ఇచ్చిన సమాచారంలోనే తప్పు ఉంది. ఈ మాట ఛాలెంజర్ కథలో మళ్ళీ ఎదురవుతుంది.

చలితో మారే నాణెం

ఛాలెంజర్ ప్రమాదానికి ముందు 24 ప్రయాణాలు జరిగాయి. వాటిలో ఒకదాని బూస్టర్లు సముద్రంలో మునిగిపోయాయి. తక్కిన 23 ప్రయాణాల బూస్టర్లను వెలికితీసి ఓ-రింగులను పరీక్షించారు. ఏడింటిలో వేడి వాయువు వలన దెబ్బ కనిపించింది, పదహారింటిలో కనిపించలేదు. దెబ్బ తగలడాన్ని బొమ్మ అని, తగలకపోవడాన్ని బొరుసు అని అనుకుంటే ఇది 23 సార్లు ఎగురవేసిన నాణెమే. గరిష్ఠ సంభవనీయత ప్రకారం p విలువ 7/23, అనగా దాదాపు 0.30.

కాని ప్రతి ప్రయాణానికీ నాణెం ఒకటే అనడం సరికాదేమో. ఉష్ణోగ్రతను బట్టి అది మారవచ్చు. దెబ్బ తగిలిన ఏడు ప్రయాణాల నాటి ఉష్ణోగ్రతలు ఫారెన్‌హీటులో 53, 57, 58, 63, 70, 70, 75 డిగ్రీలు. దెబ్బ తగలని పదహారూ 66 నుండి 81 డిగ్రీల మధ్య జరిగినవే.

ఇప్పుడు p ను ఉష్ణోగ్రతతో ముడిపెట్టాలి. సరళరేఖను గీస్తే చలి ఎక్కువైనచోట సంభావ్యత 1 ని దాటిపోతుంది, అది అర్థరహితం. అందువలన 0 కూ 1 కీ మధ్యనే ఒదిగి ఉండే వంపు రేఖను తీసుకుంటారు:

p = 1 / (1 + e^−(a + bT))

ఇందులో T ఉష్ణోగ్రత. a, b అనేవి మనం కనుగొనవలసిన అంకెలు. b సున్నా అయితే ఉష్ణోగ్రతకు ప్రమేయం లేదు, అది పాత నాణెమే. b ఋణసంఖ్య అయితే చలి పెరిగినకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. దీనిని లాజిస్టిక్ రిగ్రెషన్ అంటారు.

పద్ధతి మారలేదు. దెబ్బ తగిలిన ప్రతి ప్రయాణానికీ ఆనాటి ఉష్ణోగ్రతలోని p ను, తగలని ప్రతి దానికీ 1 − p ను తీసుకొని, ఇరవైమూడింటినీ గుణించాలి. ఆ గుణకారాన్ని గరిష్ఠం చేసే a, b జంటను వెదకాలి. ఇక్కడ సూటియైన సూత్రం లేదు. కంప్యూటరు ఒక ఊహతో మొదలుపెట్టి, అడుగడుగునా దానిని సవరించుకుంటూ శిఖరానికి చేరుతుంది. ఈ లెక్కలకు వచ్చే జవాబు a = 15.04, b = −0.232.

ఈ జవాబు ఎందుకు నెగ్గిందో మూడు ప్రయాణాలతో చూద్దాం. 53 డిగ్రీల నాడు దెబ్బ తగిలింది. పాత నాణెం దానికి 0.30 సంభావ్యత ఇస్తే, కొత్త రేఖ 0.94 ఇస్తుంది. 81 డిగ్రీల నాడు దెబ్బ తగలలేదు. పాత నాణెం ఇచ్చేది 0.70, కొత్త రేఖ ఇచ్చేది 0.98. 75 డిగ్రీల నాడు మాత్రం దెబ్బ తగిలింది. అక్కడ పాత నాణెం 0.30 ఇస్తుండగా కొత్త రేఖ 0.09 కంటె తక్కువే ఇస్తుంది. అంటే కొత్త రేఖ అక్కడ ఓడిపోయింది. అయినా ఇరవైమూడింటినీ గుణించి చూస్తే, కొత్త రేఖ సంభవనీయత పాతదానికి 53 రెట్లు ఉంటుంది. ఉష్ణోగ్రతకు నిజంగా ప్రమేయం లేకపోతే ఇంత తేడా యాదృచ్ఛికంగా రావడం వేయింట ఐదుసార్ల పాటి సంగతి.

లెక్క సరిగా శిఖరానికి చేరినదో లేదో చూడడానికి ఒక సులువు ఉంది. ఇరవైమూడు ప్రయాణాలకూ రేఖ ఇచ్చే p విలువలను కూడితే కచ్చితంగా 7 రావాలి. దెబ్బతిన్నవి ఏడు కదా!

పక్కన పెట్టిన బొరుసులు

ఆనాటి చర్చలో ఉష్ణోగ్రతతో పోల్చి చూసినవి దెబ్బ తగిలిన ప్రయాణాలను మాత్రమే. విచారణ జరిపిన రోజర్స్ కమిషన్ 1986 నాటి నివేదికలో ఈ విషయాన్ని ఎత్తి చూపింది. 53 డిగ్రీల చలిలోనూ దెబ్బ తగిలింది, 75 డిగ్రీల వెచ్చదనంలోనూ తగిలింది, కనుక సంబంధం తేలడం లేదని అనిపించింది. మన నాణెం పాఠం ఇక్కడ పనికివస్తుంది. బొమ్మలను మాత్రమే ఉంచి పై గుణకారం చేస్తే, ఏ ఉష్ణోగ్రతలోనైనా p = 1 అన్నదే గరిష్ఠం. ఉష్ణోగ్రత గురించి ఆ ఏడు చుక్కలు ఏమీ చెప్పలేవు. పదహారు బొరుసులను చేర్చిన మరుక్షణం చిత్రం మారుతుంది. 65 డిగ్రీలకు దిగువన నాలుగింటికి నాలుగూ దెబ్బతిన్నాయి, పైన పందొమ్మిదింటిలో మూడే దెబ్బతిన్నాయి. 1989లో దలాల్, ఫౌల్క్స్, హోడ్లీ అనే ముగ్గురు సాంఖ్యక శాస్త్రజ్ఞులు ఈ లెక్కలను పూర్తిగా విశ్లేషించి ప్రచురించారు.

అంచనాను ఎంతవరకు నమ్మాలి?

ప్రయోగానికి అనుకున్న ఉష్ణోగ్రత 31 డిగ్రీలు. మన రేఖలో T = 31 అని వేస్తే p విలువ 0.9996 వస్తుంది. ఈ నాలుగు దశాంశాలను అక్షరాలా నమ్మకూడదు. అంతకుముందు అతి చల్లని ప్రయాణం 53 డిగ్రీలది. అక్కడి నుండి 22 డిగ్రీలు కిందికి ఎవరూ చూడని చోటికి రేఖను పొడిగించాం. ఆ చోట కూడా రేఖ ఇదే వంపులో సాగుతుందని హామీ లేదు.

సంభవనీయత శిఖరం సూదిమొనలా ఉంటే అంచనా గట్టిది, గుండ్రని గుట్టలా ఉంటే బలహీనమైనది. ఈ ఆలోచనకు సంబంధించిన మూల సిద్ధాంతాలలో ఒకటి మన సి. ఆర్. రావుగారిది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, తరువాత కేంబ్రిడ్జిలో ఫిషర్ వద్ద పరిశోధన చేసిన రావుగారు, ఒక అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు ఉందని 1945లో నిరూపించారు. క్రామర్–రావు హద్దుగా అది ప్రసిద్ధం. సమాచారం విస్తారంగా ఉన్నప్పుడు గరిష్ఠ సంభవనీయతా పద్ధతి ఆ హద్దును దాదాపుగా అందుకుంటుంది. కాని మన వద్ద ఉన్నవి ఇరవైమూడు ప్రయాణాలే. శిఖరం వంపును బట్టి మామూలుగా వేసే లెక్క ప్రకారం, 31 డిగ్రీల వద్ద దెబ్బ తగిలే సంభావ్యత సుమారు సగం నుండి దాదాపు ఒకటి వరకు ఎక్కడైనా ఉండవచ్చు. పైగా ఇది ఓ-రింగు దెబ్బతినే సంభావ్యత, వ్యోమనౌక కూలిపోయే సంభావ్యత కాదు.

మరొక చిక్కు కూడా ఉంది. 70, 75 డిగ్రీలలో దెబ్బతిన్న ఆ మూడు ప్రయాణాలూ లేకపోయి ఉంటే, 65 కు దిగువన అన్నీ బొమ్మలు, పైన అన్నీ బొరుసులు అయ్యేవి. అప్పుడు రేఖను ఎంత నిట్టనిలువుగా చేస్తే సంభవనీయత అంత పెరుగుతూ పోతుంది, శిఖరమే ఉండదు. కంప్యూటరు అడుగడుగుకూ a, b ల పరిమాణాలను పెంచుకుంటూ పోవడం, వాటి దోష పరిమితులు విపరీతంగా ఉండడం దీనికి గుర్తులు. సంబంధాన్ని మరుగుపరచినట్లు కనిపించిన ఆ వెచ్చని రోజుల దెబ్బలే ఇక్కడ లెక్కను నిలబెట్టాయి.

31 డిగ్రీల వద్ద కనీసపు అంచనా సగం అనుకున్నా, అది నాణెం ఎగురవేయడంతో సమానం. ఆ ఇరవైమూడు చుక్కలూ ఒకే కాగితం మీద ఉండి ఉంటే, ఆ సాయంత్రం చర్చ సంబంధం ఉన్నదా లేదా అన్నచోట ఆగిపోయేది కాదు. అలాంటి నాణేనికి ఏడుగురిని అప్పగించవచ్చునా అన్నదే అక్కడ తేల్చవలసిన ప్రశ్న అయ్యేది.