చక్కెర బిళ్ళ అంటే షుగర్‌ పేషెంటు ఏమనుకోవాలి?

*కొత్త మందును మనుషులకిచ్చి చూసేముందు వాళ్ల చేతిలో ఓ సమాచార పత్రం పెడతారు. అది వాళ్లకు అర్థమయ్యే భాషలో ఉండాలన్నది చట్టం. తెలుగులోకి తేవడమే ఓ తంటా. ఆ తెలుగూ రానివాళ్లకు చెప్పాలంటే..?*

‘పాల్గొనువారు యాదృచ్ఛికముగా రెండు సమూహములుగా విభజింపబడుదురు. ఒక సమూహమునకు ప్లాసిబో ఇవ్వబడును. మీరు ఏ సమయములోనైనను ఉపసంహరించుకొనవచ్చును.’

క్లినికల్‌ ట్రయల్‌ సమాచార పత్రాలు తెలుగులో సాధారణంగా ఇలా ఉంటాయి. ఒక్క అక్షరం తప్పు లేదు. ఇంగ్లిషులో ఉన్నదంతా ఉంది. చదివినవాడికి మాత్రం ఒక్క ముక్కా అర్థంకాదు!

ఇదే పత్రాన్ని ఎల్బీనగర్‌ చౌరస్తాలో దిగే జనం చేతిలో పెట్టి చూడండి. ఇటు విజయవాడ రోడ్డు, అటు సాగర్‌ రోడ్డు... నల్గొండ వైపు నుంచి వైద్యం కోసం వచ్చేవాళ్లకు నగరం మొదలయ్యేది ఇక్కడే. ఇబ్రహీంపట్నం, మాల్‌ మీదుగా దేవరకొండ తండాల నుంచి వచ్చే లంబాడీలు ఇంట్లో మాట్లాడేది గోర్‌బోలీ. ఆ చుట్టుపక్కల కట్టే అపార్ట్‌మెంట్లలో పనిచేసే కూలీల్లో హిందీవాళ్లు, ఒడియావాళ్లు ఉంటారు. దిల్‌సుఖ్‌నగర్‌ దాకా వెళ్తే ఉర్దూ వినిపిస్తుంది. ఉర్దూ మాట్లాడతారు కదా అని హిందీ పత్రం ఇస్తే సరిపోదు. మాట తెలిసినా ఆ లిపి చాలామంది చదవలేరు.

వీళ్లలో ఒకరికి పత్రం ఎలా తయారవుతుందో, ఎక్కడ బెడిసికొడుతుందో చూద్దాం. ఉదాహరణకు ఓ కొత్త షుగర్‌ మందు ట్రయల్‌ అనుకోండి. మొత్తం 300 మంది. 200 మందికి కొత్త మాత్ర, 100 మందికి అచ్చం అలాగే కనిపించే, మందు లేని మాత్ర. అందరూ ఇప్పుడు వేసుకుంటున్న మెట్‌ఫార్మిన్‌ మాత్రం కొనసాగిస్తారు. పత్రం వినాల్సింది తండా నుంచి వచ్చిన యాభై ఏళ్ల లంబాడీ మహిళ. బజారుకు సరిపడా తెలుగు వచ్చు. చదువు రాదు.

లక్కీడ్రా కాదు

మొదటి చిక్కు ‘ట్రయల్‌’ దగ్గరే. ‘వైద్య పరీక్ష’ అంటే జనానికి తెలిసింది రక్తపరీక్ష, మూత్రపరీక్ష. కాబట్టి ‘ఈ పరీక్షలో పాల్గొంటారా?’ అంటే ‘సరే, చెయ్యండి’ అంటారు. ‘ప్రయోగం’ అంటే ఎలుకలు గుర్తొచ్చి లేచి వెళ్లిపోతారు. ‘పరిశోధన’ కాస్త నయం. అదొక్కటే చాలదు, వెంటనే మరో వాక్యం ఉండాలి: ‘ఈ మందు పనిచేస్తుందో లేదో మాకింకా తెలియదు, తెలుసుకోవడానికే ఇస్తున్నాం.’

ఆ తర్వాత రాండమైజేషన్‌. ఎవరికి ఏ మాత్ర అన్నది డాక్టర్‌ ఇష్టం కాదు, రోగి ఇష్టమూ కాదు. ముందే కంప్యూటర్‌తో తయారుచేసిన జాబితా ప్రకారం వెళ్తుంది. ‘యాదృచ్ఛికం’ వద్దనుకున్న అనువాదకుడికి ముందుగా తట్టేది ‘లాటరీ’. దిల్‌సుఖ్‌నగర్‌ బట్టల దుకాణాల్లో పండగలకు లక్కీడ్రాలు చూసినవాళ్లకు అది ఇట్టే అర్థమవుతుంది. కానీ లాటరీ అంటే గెలవాలిగా! కొత్త మందు వచ్చినవాడు గెలిచినట్టు, రానివాడు ఓడినట్టు అయిపోతుంది. నిజానికి కొత్త మందు మేలు చేస్తుందో కీడు చేస్తుందో తెలియకే కదా ఈ తతంగమంతా. ‘చిట్టీ వేస్తాం’ అంటే డబ్బులు కట్టాలేమో అనుకుంటారు. ‘బొమ్మా బొరుసా’ బాగుంటుంది... ఇద్దరిలో ఒకరికి ఇచ్చే ట్రయల్‌లో అయితే. ఇక్కడ ముగ్గురిలో ఇద్దరికి కొత్త మాత్ర. నాణెం ఆ లెక్క చెప్పలేదు.

‘కంప్యూటర్‌ నిర్ణయిస్తుంది’ అన్నది అన్నిటికన్నా సులువుగా కనిపించే తప్పుదారి. కంప్యూటర్‌ తన రిపోర్టులన్నీ చూసి, తనకు సరిపడేదే ఎంచి ఇస్తుందని రోగి నమ్మేస్తాడు. ఏది జరగదో కూడా పత్రంలో రాయాల్సింది అందుకే: ‘మీ జబ్బు ఎంత ఉందో చూసి కాదు. డాక్టరుగారు ఎంచడం కాదు. సంచిలో రెండు చింతగింజలు, ఒక కందిగింజ వేసి చూడకుండా ఒకటి తీస్తే ఏదొస్తుందో ముందు తెలియనట్టే ఇదీ.’ గింజలైతే గోర్‌బోలీలోనూ గింజలే. పైగా చేత్తో తీసి చూపించవచ్చు. కొత్త మాత్ర, ఉత్త మాత్ర... ఏది పడే అవకాశం ఎంతో చెప్పాలన్నది నియమం కూడా. మనదేశంలో 2019 నాటి కొత్త మందులు, క్లినికల్‌ ట్రయల్స్‌ నిబంధనలు ఆ విషయం పత్రంలో ఉండి తీరాలంటున్నాయి.

ఇది మన భాషలకే వచ్చిన తిప్పలనుకుంటే పొరపాటు. బ్రిటన్‌లో ప్రోస్టేట్‌ క్యాన్సర్‌ మీద ప్రొటెక్ట్‌ అనే పెద్ద ట్రయల్‌ జరిగింది. అందులో ఒక వర్గానికి వెంటనే ఆపరేషన్‌ చేయకుండా గమనిస్తూ ఉంటారు. దానికి వాళ్లు పెట్టిన ఇంగ్లిషు పేరు వింటే ‘చచ్చేదాకా చూస్తూ కూర్చుంటారు’ అని రోగులకు తోచింది. మాతృభాషలో, చదువుకున్నవాళ్లకు! రోగులతో జరిగిన సంభాషణలను రికార్డు చేసి విన్నాకే పరిశోధకులకు సంగతి తెలిసింది. పేరు మార్చారు, చెప్పే తీరు మార్చారు. లాటరీలాంటి ఆ కేటాయింపునకు ఒప్పుకునేవాళ్లు నూటికి దాదాపు 40 నుంచి 70కి పెరిగారు. 2002లో బ్రిటిష్‌ మెడికల్‌ జర్నల్‌ ఆ వివరాలు ప్రచురించింది.

ఉత్తుత్తి... దొంగ... చక్కెర...

ప్లాసిబో సంగతి మరీ విచిత్రం. ‘దొంగ మందు’ అంటే కల్తీ మందులు అంటగడుతున్నారని గొడవవుతుంది. ‘ఉత్తుత్తి మందు’ అంటే పిల్లలాట. ‘చక్కెర బిళ్ళ’ అని చాలాచోట్ల వాడతారు గానీ, షుగర్‌ ట్రయల్‌లో షుగర్‌ పేషెంటుకు చక్కెర బిళ్ళ ఇస్తామంటే..? అదీకాక మనవాళ్లకు తీపి తెల్లబిళ్ళలంటే హోమియో. అదీ మందేగా అనుకుంటారు. అసలు ‘మందు’ అన్న మాటకే తెలుగులో వైద్యం, సారా, పురుగులమందు... ఇన్ని అర్థాలు!

పేరు పెట్టే పని మానేసి, అదేమిటో చెప్పడమే మేలు: ‘చూడ్డానికి ఆ మాత్రలాగే ఉంటుంది. లోపల మందు ఉండదు. దానివల్ల మీ షుగర్‌ తగ్గదు.’ ఈ చివరి వాక్యాన్ని తీసేసే హక్కు అనువాదకుడికి లేదు. ప్లాసిబోకు చికిత్సా గుణం ఉండదని స్పష్టంగా చెప్పాలన్నదీ పై నిబంధనల్లో ఉంది. దాని వెనకే, ‘మీరు రోజూ వేసుకునే షుగర్‌ మాత్ర ఆపం’ అన్నదీ రావాలి. లేకపోతే తన వైద్యమే ఆగిపోయిందని ఆమె బెంగపడుతుంది.

ఎవరికి ఏది ఇచ్చారో డాక్టరుకూ రోగికీ తెలియకపోవడాన్ని ‘డబుల్‌ బ్లైండ్‌’ అంటారు. దీన్ని ‘రెండువైపులా అంధత్వం’ అని ఉన్నదున్నట్టు దింపితే ఏమవుతుందో వేరే చెప్పాలా! షుగర్‌తో కళ్లు పోతాయన్న భయం ఎలాగూ ఉంది. కంటి వైద్యులు ఇంగ్లిషులోనే ఆ మాట వాడటానికి జంకి, ‘మాస్క్‌డ్‌’ అంటారు.

మానేయడం వేరు, మానేయడం వేరు

అన్నిట్లోకీ ప్రమాదకరమైనది తేలిగ్గా కనిపించే మాట. ‘ఉపసంహరణ’ తీసేసి ‘ఎప్పుడైనా మానేయవచ్చు’ అని రాశారనుకోండి. మంచి తెలుగే. కానీ ఏం మానేయాలి? మాత్రలా, ట్రయలా? ఆమె ఇంటికెళ్లి ట్రయల్‌ మాత్రలతోపాటు మెట్‌ఫార్మిన్‌ కూడా ఆపేస్తే షుగర్‌ పెరిగి కూర్చుంటుంది. స్టెరాయిడ్లు, కొన్ని బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికే రావచ్చు. అందుకని రెండూ విడదీయాలి: ‘ఈ పరిశోధన నుంచి ఎప్పుడైనా తప్పుకోవచ్చు. కారణం చెప్పక్కర్లేదు. మాత్రలు ఎలా ఆపాలో మాత్రం మాకు ఫోన్‌ చేసి కనుక్కోండి.’

‘ఎలాంటి జరిమానా ఉండదు’ అన్నదీ అక్షరానువాదమే. ఆమె భయం జరిమానా కాదు. ‘కాదంటే డాక్టరుసాబ్‌కు కోపమొస్తుందా? రేపు ఇదే ఆసుపత్రికొస్తే చూస్తారా?’ ఇదీ ఆమె అడగని ప్రశ్న. ‘తప్పుకున్నా మీ వైద్యం ఇక్కడ ఇదివరకులాగే జరుగుతుంది’ అని రాస్తేనే అది హక్కవుతుంది.

ఈ హక్కు కాగితం మీద ఎలా ఆవిరైపోతుందో మనకు తెలియనిది కాదు. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ టీకాలు వేశారు. అదో అధ్యయనం. వారిలో గిరిజన హాస్టళ్ల పిల్లలూ ఉన్నారు. 2010లో దాన్ని నిలిపేశారు. ఆ తర్వాత పార్లమెంటు స్థాయీసంఘం 2013లో ఇచ్చిన నివేదిక ప్రకారం, ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలవి. 2,763 పత్రాల మీద సంతకం చేసింది హాస్టల్‌ వార్డెన్లు! ‘వద్దు’ అనే హక్కు పిల్లలకూ తల్లిదండ్రులకూ చేరేలోపే ‘సరే’ అని వేరెవరో అనేశారన్నమాట.

పాసైన తర్జుమా

ఇన్ని తప్పులు ఎవరూ పట్టుకోరా? పట్టుకోవడానికో పద్ధతి ఉంది... బ్యాక్‌ ట్రాన్స్‌లేషన్‌. ఒకరు తెలుగులోకి మారుస్తారు. ఇంగ్లిషు మూలం చూడని మరొకరు దాన్ని తిరిగి ఇంగ్లిషులోకి మారుస్తారు. రెండు ఇంగ్లిషులూ పోల్చి చూస్తారు. తేడా లేకపోతే సర్టిఫికెట్‌తో ఎథిక్స్‌ కమిటీకి పంపుతారు. అంకెలు తారుమారైతే, వాక్యం ఎగిరిపోతే ఇందులో దొరికిపోతుంది. అయితే దీనిలో ఓ తమాషా ఉంది. ‘యాదృచ్ఛికముగా’ అని రాస్తే రెండో అనువాదకుడు ఠక్కున అసలు ఇంగ్లిషు మాటే రాస్తాడు. పరీక్ష పాస్‌! చింతగింజలు, కందిగింజ అని రాస్తే పోలిక కుదరదు. వివరణ రాసి పంపమంటారు. అంటే జనానికి అర్థంకాని తర్జుమాయే తేలిగ్గా గట్టెక్కుతుంది.

కాబట్టి అసలు పరీక్ష వినేవాళ్ల దగ్గరే జరగాలి. మన ఉదాహరణలోని మహిళకు కాగితం ఇచ్చి లాభం లేదు. గోర్‌బోలీకి సొంత లిపి లేదు. ఇక్కడ తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటారు. ఆ అక్షరాలు వస్తే ఆమె తెలుగే చదువుకునేది. కమిటీ ఆమోదించిన మాటలనే లంబాడీ మనిషి గొంతుతో రికార్డు చేసి వినిపించడం ఓ దారి. వెంట వచ్చిన కొడుకుతో చెప్పించడం అంతకన్నా సులువు. కానీ నాలుగు పేజీలు విని ‘మంచి మందంట, డబ్బులక్కర్లేదంట’ అని అతను ఒక్క ముక్కలో తేల్చేసే ప్రమాదం ఉంది. చదువురాని వాళ్ల విషయంలో మొదటినుంచీ చివరిదాకా పక్కనుండి సంతకం చేసే నిష్పక్షపాత సాక్షి ఉండాలని నిబంధన. ట్రయల్‌ బృందంలోని నర్సును పిలిచి కూర్చోబెడితే చెల్లదు. బలహీన వర్గాలవారిపై సరికొత్త రసాయనాల ట్రయల్స్‌ జరిపితే ఈ సంభాషణంతా వీడియో తీయాలి.

విన్నాక ‘అర్థమైందా?’ అనడక్కూడదు. దానికి జవాబు ఎప్పుడూ ‘ఆఁ’ అనే వస్తుంది. ‘ఇంటికెళ్లాక మీ ఆయనకు ఏమని చెబుతావమ్మా?’ అనడగాలి. ‘ముగ్గుర్ల ఇద్దరికి కొత్త గోలి. నాకేదొచ్చిందో డాక్టరుకు గూడ ఎరుకలేదు. ఉత్తదొస్తే షుగర్‌ తగ్గదు. నడుమల వద్దనిపిస్తే ఫోన్‌ జేసి రానని చెప్తా, గోలీలెట్ల ఆపాల్నో అడుగుతా. నా పాత గోలీలు మాత్రం ఏస్కుంటా’ అంటే పత్రం చేరినట్టు. ‘పెద్ద డాక్టరు నాకు మంచిదే సూసి ఇస్తడు’ అంటే... సంతకం వద్దు, గింజల సంచి మళ్లీ తీయాలి.

అన్నీ సరిగ్గా చెప్పినామె ఒక్కోసారి ఎదురు ప్రశ్న వేస్తుంది: ‘అంతా అయిపోయినంక అయినా నాకొచ్చింది ఏ గోలీయో చెప్తరా?’ దానికి పత్రంలో జవాబు లేకపోతే, అక్కడున్నవాళ్లు సొంతంగా హామీ ఇవ్వలేరు. ఆ ఒక్క వాక్యం చేర్చాలన్నా ఇంగ్లిషులో రాసి, తెలుగు చేసి, గోర్‌బోలీలో రికార్డు చేసి, మళ్లీ కమిటీ ముందు పెట్టాల్సిందే.