మెయిల్ మూతపడినా చాట్లు ఫోన్‌లోనే ఉన్నాయి

మా మేనకోడలు ఇంజినీరింగ్ పూర్తిచేసి హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరింది. చదువు అయిపోయింది కాబట్టి ఆ బ్యాచ్ పిల్లలకిచ్చిన మెయిల్ ఖాతాలను కాలేజీవాళ్లు జూన్‌లో మూసేశారు. నాలుగేళ్లుగా తన వాట్సాప్ బ్యాకప్ వెళ్తున్నది ఆ ఖాతాలోకే. కొత్త ఫోన్ కొనుక్కుంది. పాతదాన్ని ఎక్స్‌చేంజ్‌కి ఇచ్చే ముందురోజు నాకు ఫోన్ చేసింది.

"మామయ్యా, మెయిల్ పోయింది కదా, అమ్మమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌లు కూడా పోయినట్టేనా?"

పోలేదు. పాత ఫోన్ ఎవరికీ ఇవ్వొద్దని, అందులోంచి వాట్సాప్ తీసెయ్యొద్దని ముందు చెప్పాను. మన చాట్లు అసలు ఉండేది ఫోన్‌లో. గూగుల్ ఖాతాలో ఉండేది వాటి నకలు మాత్రమే. నకలు దాచిన గదికి తాళం పడితే అసలు దగ్గరనుంచి ఇంకో నకలు తీసుకోవచ్చు. అయితే పాత నకలును ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు జరపడం కుదరదు. డ్రైవ్‌లో అది మామూలు ఫైలులా కనిపించదు, డౌన్‌లోడ్ అవదు. తెరిచి ఉన్న ఖాతాలో కూడా దాన్ని చెరపగలమే తప్ప కదిలించలేం.

వాట్సాప్‌లో Settings, తర్వాత Chats, తర్వాత Chat backup తెరవమన్నాను. అక్కడ చివరి బ్యాకప్ తేదీలు రెండు కనిపిస్తాయి. ఫోన్‌లో దాచుకున్నదాని తేదీ ఒకటి, గూగుల్ ఖాతాలోకి వెళ్లినదాని తేదీ ఇంకొకటి. ఫోన్‌లోని బ్యాకప్‌ను వాట్సాప్ రోజూ రాత్రి 2 గంటల ప్రాంతంలో తనంతట తానే తీస్తుంది. అందుకే ఆ తేదీ ఇవాళ్టిది. గూగుల్ తేదీ మాత్రం మే నెలాఖరులోనే ఆగిపోయింది. ఖాతా పనిచేయడం లేదని కనిపెట్టడానికి ఇదే గుర్తు. చాలామంది ఈ తెర వైపే చూడరు కాబట్టి నెలల తరబడి బ్యాకప్ ఆగిపోయినా వాళ్లకు తెలియదు.

అదే తెరలో కిందుగా ఉండే Google Account నొక్కి, Add account ద్వారా తన సొంత జీమెయిల్‌ను చేర్చి, దాన్నే ఎంచుకుంది. తర్వాత Back up నొక్కింది. ఇది మొదటిసారి కాబట్టి మొత్తం చాట్లు, ఫొటోలు అన్నీ వెళ్లాలి. వైఫై మీదే పెట్టి, ఫోన్‌ను ఛార్జింగ్‌లో ఉంచమన్నాను. ఉచిత ఖాతాలో ఉండేది 15 జీబీ. అందులో మెయిళ్లు, ఫొటోలు, వాట్సాప్ బ్యాకప్ అన్నీ కలిసే సర్దుకోవాలి. చోటు చాలకపోతే Include videos ఆపేయొచ్చు. వీడియోలను కేబుల్‌తో కంప్యూటర్‌లోకి వేరేగా కాపీ చేసుకుంటే సరిపోతుంది. బ్యాకప్‌కు ఎన్‌క్రిప్షన్ పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు దాన్ని కాగితం మీద రాసుకోవాలి. అది మరిచిపోతే ఆ బ్యాకప్‌ను వాట్సాప్ కూడా తెరిచి ఇవ్వలేదు.

గూగుల్ తేదీ ఇవాళ్టిదిగా మారాక కొత్త ఫోన్‌లో అదే జీమెయిల్‌తో లాగిన్ అయి, వాట్సాప్ పెట్టి, పాత నంబరుతోనే నమోదు చేసుకుంది. నంబరు గానీ ఖాతా గానీ మారితే బ్యాకప్ దొరకదు. ఇక్కడే చాలామంది పొరబడేది: బ్యాకప్ కనిపించలేదని తొందరపడి Skip నొక్కేస్తారు. వాట్సాప్ ఖాళీగా మొదలవుతుంది. ఆ రాత్రికే ఖాళీ చాట్ల బ్యాకప్ వెళ్లి పాతదాని స్థానంలో కూర్చోవచ్చు. కాబట్టి బ్యాకప్ కనిపించకపోతే అక్కడే ఆగి, ఫోన్‌లో సరైన ఖాతా ఉందో లేదో చూసుకోవాలి.

రెండు ఫోన్లూ పనిచేస్తుంటే గూగుల్ ప్రమేయం లేకుండానే పని జరుగుతుంది. రెండూ ఆండ్రాయిడ్ అయితే Chats లోనే ఉన్న Transfer chats ద్వారా, కొత్త ఫోన్‌లో వచ్చే క్యూఆర్ కోడ్‌ను పాత ఫోన్‌తో స్కాన్ చేస్తే చాలు. కాకపోతే ఆ తర్వాత కూడా కొత్త ఖాతాలోకి బ్యాకప్ పెట్టుకోవాలి. లేకపోతే ఫోన్ పోయిన రోజు చేతిలో ఏమీ మిగలదు.

పాత ఫోన్ పాడైపోయి, పాత ఖాతా కూడా మూతపడితే దారులు తక్కువ. తాళం పడిన ఖాతా మీ సొంతదైతే గూగుల్ రికవరీ పేజీలో ప్రయత్నించాలి. సంస్థ ఇచ్చినదైతే, అక్కడ మెయిళ్లు చూసుకునే వ్యక్తిని కొద్దిరోజులు తెరవమని అడగాలి. అదీ కుదరకపోతే ఆ చాట్లు రావు.

మా మేనకోడలు వాళ్ల అమ్మమ్మ గొంతు కొత్త ఫోన్‌లో వినిపించాకే పాత ఫోన్ ఇచ్చేసింది. మీ బ్యాకప్ కూడా ఆఫీసు మెయిల్‌లోకో కాలేజీ మెయిల్‌లోకో వెళ్తోందేమో, ఈ పూటే Chat backup తెరిచి చూసుకోండి. ఆ ఖాతా తెరిచి ఉండగానే మార్చుకోండి.