విరేచనాలు తగ్గాక పాలెందుకు పడటం లేదు?

14 నెలల బాబు. మొదట ఒక రోజంతా వాంతులు, వాటితో పాటే జ్వరం. మర్నాటి నుంచి నీళ్ల విరేచనాలు. డాక్టరు ఓఆర్‌ఎస్, జింక్ రాసిచ్చారు. ఐదో రోజుకు జ్వరం పోయింది, వాంతులు ఆగాయి, విరేచనాలు రోజుకు రెండుకు వచ్చాయి. నీరసపడ్డ బిడ్డకు కాస్త బలం రావాలని ఆ సాయంత్రం అమ్మమ్మ ఎప్పటిలాగే 200 మిల్లీలీటర్ల పాలు సీసాలో పోసి పట్టింది. గంట తిరక్కుండానే బాబు కడుపు ఉబ్బి గుడగుడమంది. ఆ వెంటనే నురగతో, పుల్లటి వాసనతో విరేచనం అయింది. రాత్రికి అలాంటివి నాలుగు. తెల్లవారేసరికి విరేచనం తగిలిన చోటల్లా చర్మం ఎర్రగా కందిపోయింది. కడగబోతే చాలు, గుక్కపట్టి ఏడుపు.

ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగిన కథ కాదు. పిల్లల డాక్టర్లు తరచుగా వినే వరస ఇదే. ఇంట్లోవాళ్లు జబ్బు తిరగబెట్టిందనుకుని మందుల షాపు నుంచి యాంటీబయాటిక్ తెస్తారు. లేదంటే బిడ్డకు పాలే పడవని నిర్ణయించేసి నెలల తరబడి పాలు మాన్పించేస్తారు. నిజానికి బాబు పేగులో సూక్ష్మజీవి పని చాలావరకు అయిపోయింది. అది వదిలివెళ్లిన గాయం మాత్రం ఇంకా మానలేదు.

పాలలో ఉండే చక్కెర పేరు లాక్టోజ్. ఆవుపాలైనా గేదెపాలైనా 100 మిల్లీలీటర్లకు ఇంచుమించు 5 గ్రాములు ఉంటుంది. అంటే బాబు తాగిన సీసాలో 10 గ్రాములు. ఈ చక్కెర ఉన్నది ఉన్నట్టు ఒంట్లోకి వెళ్లదు. చిన్నపేగులో లాక్టేజ్ అనే ఎంజైమ్ దాన్ని రెండు ముక్కలు చేయాలి, అప్పుడే రక్తంలో కలుస్తుంది. చిన్నపేగు లోపలి గోడ టర్కీ తువ్వాలు మీది పోగుల్లా సన్నటి వేళ్లతో నిండి ఉంటుంది. లాక్టేజ్ ఉండేది ఆ వేళ్ల కొసల దగ్గరి కణాల్లో. రోటా వైరస్ ముందుగా దాడి చేసేది కూడా ఆ కొసల మీదే. అందుకే చిన్నపిల్లల్లో ఈ ఇబ్బంది రోటా వైరస్ విరేచనాల తరవాత ఎక్కువగా కనిపిస్తుంది.

కొసలు రాలిపోయినా వేళ్ల మొదట్లో కొత్త కణాలు పుడుతూనే ఉంటాయి. అవి మూడు నుంచి ఐదు రోజుల్లో పైకి చేరతాయి. అయితే పైకి చేరగానే పనిలోకి దిగలేవు. ముదిరాకే లాక్టేజ్ తయారుచేస్తాయి. చక్కెరలను విడగొట్టే ఎంజైమ్‌లన్నిటిలో మొదట తగ్గేదీ, చివర కోలుకునేదీ ఇదే. అందుకే అన్నం, ఇడ్లీ, అరటిపండు అరిగించుకుంటున్న పిల్లవాడికే పాలు అరగవు.

అరగని లాక్టోజ్ పేగులో నీటిని తనవైపు లాక్కుంటుంది. కాబట్టి విరేచనం పలచబడుతుంది. పెద్దపేగుకు చేరాక అక్కడి బ్యాక్టీరియా దాన్ని పులియబెడుతుంది. దానివల్ల గ్యాస్, ఆమ్లాలు పుడతాయి. నురగ, పుల్లటి వాసన, కడుపుబ్బరం, చర్మం కందడం అన్నిటికీ మూలం అదే. పాలు తాగిన కొద్ది గంటల్లో ఇవన్నీ కలిసి కనిపించి, పాలు ఆపిన ఒకటి రెండు రోజుల్లో తగ్గుముఖం పడితే లాక్టోజ్ పడటం లేదని గట్టిగా అనుమానించవచ్చు. చాలామంది పిల్లల్లో ఇంతకు మించిన పరీక్ష అక్కర్లేదు.

అవసరమనుకుంటే డాక్టర్లు విరేచనాన్నే పరీక్షకు పంపుతారు. దాని ఆమ్లత ఎంతో, అందులో అరగని చక్కెర ఉందో లేదో చూస్తారు. పీహెచ్ 5.5 కన్నా తక్కువగా ఉండి చక్కెర కూడా కనిపిస్తే అనుమానం బలపడుతుంది. ఈ పరీక్ష తప్పుదారి పట్టేది ఎక్కువగా శాంపిల్ దగ్గరే. డైపర్ నీటి భాగాన్ని పీల్చేసుకుంటుంది. పరీక్షించాల్సిన చక్కెర ఉండేది ఆ నీటిలోనే. డైపర్ మీద ప్లాస్టిక్ కాగితం పరిచి పలచటి భాగాన్ని పట్టి, ఆలస్యం చేయకుండా ల్యాబ్‌కు చేర్చాలి. గంటల తరబడి ఉంచితే డబ్బాలోని బ్యాక్టీరియానే ఆ చక్కెరను తినేస్తుంది. పాలు పూర్తిగా ఆపేశాక చేయిస్తే ఫలితానికి అర్థమే ఉండదు. తల్లిపాలు తాగే పసికందుల్లో మామూలుగానే విరేచనం పుల్లగా ఉంటుంది, కొంత చక్కెరా కనిపిస్తుంది. కాబట్టి హాయిగా తాగుతూ బరువు పెరుగుతున్న బిడ్డకు ఒక్క ల్యాబ్ కాగితం చూసి జబ్బు అంటగట్టకూడదు.

ఇక్కడ తల్లులు అందరికంటే ముందు తెలుసుకోవాల్సిన మాట ఒకటుంది. తల్లిపాలలో లాక్టోజ్ ఆవుపాలలో కంటే ఎక్కువే, 100 మిల్లీలీటర్లకు దాదాపు 7 గ్రాములు. అయినా విరేచనాల్లోనూ, ఆ తరవాతా తల్లిపాలు ఆపకూడదు. బిడ్డ కొంచెం కొంచెంగా చాలాసార్లు తాగుతుంది కాబట్టి ఒక్కసారిగా పేగు మీద భారం పడదు. పైగా పేగు కోలుకోవడానికి తోడ్పడే పదార్థాలు ఆ పాలలోనే ఉన్నాయి. విరేచనాలు పట్టుకున్న ప్రతి బిడ్డకూ సీసా పాలు ముందుజాగ్రత్తగా మాన్పించాల్సిన పనీ లేదు. ఎక్కువమంది పిల్లలు మామూలు పాలతోనే కోలుకుంటారు. తల్లిపాలు తాగని పిల్లల మీద జరిగిన పరిశోధనలను కొక్రేన్ సంస్థ 2013లో సమీక్షించింది. లాక్టోజ్ లేని పాలు ఇచ్చినవారికి విరేచనాలు సగటున సుమారు 18 గంటలు ముందు ఆగాయి. తేడా ఒక రోజు కూడా లేదు. పాలు తాగిన ప్రతిసారీ బాబుకు జరిగినట్టే జరిగే పిల్లలకే పాలు తాత్కాలికంగా ఆపడం.

బాబు విషయంలో డాక్టరు సీసా పాలు వారం పది రోజులు పక్కన పెట్టమంటారు. అంతే తప్ప తిండి తగ్గించమనరు. మెత్తటి పప్పన్నంలో చెంచాడు నూనె లేదా నెయ్యి, ఇడ్లీ, ఉడికించిన గుడ్డు, అరటిపండు, నీళ్లతో కాచిన రాగి జావ అన్నీ పెట్టవచ్చు. పెరుగు చాలామంది పిల్లలకు ఈ రోజుల్లోనూ పడుతుంది. తోడు వేసినప్పుడే బ్యాక్టీరియా కొంత లాక్టోజ్‌ను తినేస్తుంది, మిగిలినదాన్ని అరిగించడంలో పేగులోనూ సాయపడుతుంది. అందుకే విరేచనాల తరవాత పెరుగన్నం పెట్టే మన ఇళ్ల అలవాటు సరైనదే. మొదట రెండు మూడు చెంచాలు పెట్టి చూస్తే చాలు. మొదలుపెట్టిన జింక్‌ను విరేచనాలు ఆగినా 14 రోజులూ వేయాలి. ఆరు నెలలు దాటిన బిడ్డకు రోజుకు 20 మిల్లీగ్రాములు.

విరేచనాలు అవుతున్నంత కాలం ఓఆర్‌ఎస్ ఇవ్వాలి. అందులో ఉన్నది గ్లూకోజ్. దానికి లాక్టేజ్‌తో పని లేదు. అయితే పళ్లరసాలు, కూల్‌డ్రింకులు, ఓఆర్‌ఎస్ పేరు తగిలించుకుని అట్టపెట్టెల్లో అమ్మిన తియ్యటి పానీయాలు వేరే సంగతి. వాటిలోని చక్కెర కూడా అరగని లాక్టోజ్‌లాగే పేగులోకి నీటిని లాగుతుంది. ఆ పేరు వాడకం మీద హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ అలాంటి పానీయాల పేర్లలో ఓఆర్‌ఎస్ అన్న మాట వాడకూడదని ఆదేశించింది. ప్యాకెట్‌లో పొడిగా దొరికే, డబ్ల్యూహెచ్‌ఓ సూత్రం ప్రకారం తయారైన ఓఆర్‌ఎస్‌నే, దానిమీద రాసిన కొలత నీటిలో కలపాలి.

మరి పాలు మళ్లీ ఎప్పుడు? క్యాలెండర్ కంటే బిడ్డను చూసి చెప్పడమే మేలు. రెండు మూడు రోజులుగా విరేచనం గట్టిపడి ఉండాలి. చర్మం ఎరుపు తగ్గాలి. ఆకలి మునుపటిలా రావాలి. చాలామంది పిల్లలకు ఇది ఒకటి రెండు వారాల్లో జరుగుతుంది, కొందరికి నెల దాకా పట్టవచ్చు. అప్పుడు కూడా సీసా నిండా పోసి పట్టకూడదు. బాబుకైతే మొదటి రోజు 50 మిల్లీలీటర్ల కాచిన పాలు రాగి జావలో కలిపి, మరేదైనా తిన్న తరవాత పెట్టవచ్చు. అందులో లాక్టోజ్ రెండున్నర గ్రాములే. తిండితో కలిస్తే పాలు కడుపులోంచి పేగులోకి మెల్లగా దిగుతాయి, ఉన్న కొద్దిపాటి లాక్టేజ్‌కు వ్యవధి దొరుకుతుంది. రెండు రోజులు బాగుంటే అదే కొలత పూటకొకసారి చొప్పున రెండు పూటలు. ఆ తరవాత 100 మిల్లీలీటర్లు. ఇలా పెంచుకుంటూ పోతే వారం పది రోజుల్లో మునుపటి కొలతకు వస్తాడు. డాక్టరును బట్టి ఈ మెట్లు కొంచెం మారతాయి.

మధ్యలో కాస్త గ్యాస్ పోయినంత మాత్రాన వెనక్కి తగ్గక్కర్లేదు. నీళ్లలాంటి నురగ విరేచనం మళ్లీ వస్తే మాత్రం, అంతకుముందు పడిన కొలతకు దిగి నాలుగైదు రోజులు ఆగి తిరిగి ప్రయత్నించాలి. ఎక్కువ ఇళ్లలో తప్పు జరిగేది ఇక్కడే. మొదటి ప్రయత్నం బెడిసికొట్టగానే పాలు శాశ్వతంగా మాన్పిస్తారు, లేదా సగానికి సగం నీళ్లు కలిపి నెలల తరబడి పడతారు. అలా నీళ్ల పాలు తాగే బిడ్డకు కావలసిన శక్తి అందదు, బరువు నిలిచిపోతుంది.

ఈ మెట్ల పద్ధతి ఏడాది దాటి అన్నీ తినే పిల్లలకే. ఆరు నెలల లోపు బిడ్డ డబ్బా పాల మీదే ఉంటే ఆ పాలే దాని మొత్తం తిండి. వాటిని ఆపి గంజి పట్టడం ప్రమాదం. డాక్టరు చెబితే లాక్టోజ్ లేని డబ్బా పాలు కొద్ది వారాలు వాడి మళ్లీ పాతవాటికి మారుస్తారు. బాగా బరువు తక్కువున్న పిల్లల విషయమూ డాక్టరే చూడాలి.

పాలలోని మాంసకృత్తుల మీద వచ్చే అలర్జీ పూర్తిగా వేరు. అందులో విరేచనంలో రక్తం పడవచ్చు. ఒంటిమీద దద్దుర్లు రావచ్చు, పెదాలు వాయవచ్చు. పెరుగు తిన్నా అదే ఇబ్బంది వస్తుంది. ఈ గుర్తులుంటే ఇంట్లో కొంచెం కొంచెంగా పాలు పట్టి చూసే ప్రయత్నమే చేయకూడదు. నోరు ఎండి, కళ్లు లోపలికి పోయి, మూత్రం తగ్గి, బిడ్డ మగతగా ఉంటే ఏ పాలన్న చర్చ వదిలి అప్పటికప్పుడు ఆసుపత్రికి వెళ్లాలి. విరేచనాలు 14 రోజులు దాటినా, పాలు ఆపిన తరవాత కూడా తగ్గకపోయినా, బరువు పడిపోతున్నా మళ్లీ చూపించాలి. ఆరు వారాలైనా పాలు పడకపోతే డాక్టర్లు జియార్డియా అనే పరాన్నజీవి కోసమో, గోధుమలోని గ్లూటెన్ పడని సీలియక్ జబ్బు కోసమో పరీక్షలు చేయిస్తారు. పేగు మానకుండా అడ్డుపడేది అలాంటిదేదైనా ఉంటే ముందు దానికి చికిత్స చేస్తారు. పాలను తిరిగి మొదలుపెట్టేది ఆ తరవాతే.